పండినా పచ్చగానే ఉండే మా మామిడికి ఏ పేరు పెడితే కొనేవాళ్లకు గుర్తుంటుంది?

నర్సరీ_శీనయ్య · 6 ఏప్రిల్ 2025, ఉదయం 6:40

అందరికీ నమస్కారం. హోస్కోట దగ్గర మాకు రెండెకరాల్లో చిన్న నర్సరీ ఉంది. సొంతూరు పుంగనూరు వైపు. నాన్న కాలంలోనే బెంగళూరు వచ్చేశాం.

2008లో ఒక బంగినపల్లి టెంక నాటాను. తల్లి బంగినపల్లి అని తెలుసు, తండ్రి ఏదో తెలీదు. ఆ చుట్టుపక్కల నీలం, మల్లిక, తోతాపురి అన్నీ ఉన్నాయి. 2015లో మొదటిసారి కాసింది. కాయ 350 గ్రాముల దాకా తూగుతుంది. పీచు లేదు, టెంక పలచన, లోపల ముదురు నారింజ రంగు, మీటరు పెడితే 21 బ్రిక్స్ చూపిస్తుంది. మిగతా రకాలు అయిపోతున్నప్పుడు, జూన్ చివర్లో మొదలై జూలై అంతా వస్తుంది. ఇబ్బందల్లా ఒకటే. పండినా తొక్క పచ్చగానే ఉంటుంది.

2018లో అంట్లు కట్టి తెలిసిన ముగ్గురు రైతులకు ఊరికే ఇచ్చాను, ఎలా కాస్తుందో చూడమని. 2022 నుంచి కాస్తున్నాయి, తల్లి చెట్టు గుణమే వచ్చింది. పోయిన ఏడాది జూన్ 20న మొదటిసారి డబ్బు తీసుకుని 40 అంట్లు అమ్మాను, మొక్క 250 రూపాయలకు.

కొన్నవాళ్లకు మొక్క గుర్తుంది, పేరు గుర్తులేదు. ‘అదేనండీ, ఆ పచ్చది’ అంటూ ఫోన్ చేస్తారు. ఒకావిడ వాళ్ల చెల్లెలికి కావాలంటే, ఆ చెల్లెలు ఇంకో నర్సరీకి వెళ్లి ‘పచ్చ మామిడి’ అని అడిగిందట. వాళ్లు తోతాపురి చేతిలో పెట్టి పంపారు. ఆ మాట విన్నాక రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

నా మనసులో నాలుగు పేర్లున్నాయి: బంగినపల్లి గ్రీన్, పచ్చపండు, మరకతం, కాదంటే మా అమ్మ పేరు మీద రాజమ్మ. మీకు ఏది నిలుస్తుందనిపిస్తోంది? ఎందుకో కూడా చెప్పండి.

బ్రాండు_భరత్ · 6 ఏప్రిల్, ఉదయం 9:15

శీనయ్యగారూ, నేను కోరమంగలలో ప్రకటనల పని చేస్తాను. నాలుగూ వద్దు. వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లవాళ్లు కొనాలంటే ఇంగ్లీషు పేరే ఉండాలి. ‘గ్రీన్ గోల్డ్’ పెట్టండి. రేపే ట్రేడ్‌మార్క్‌కు వేసేయండి, ఇంకెవరూ ఆ పేరుతో మొక్క అమ్మలేరు.

పద్మజ_తోటలు · 6 ఏప్రిల్, మధ్యాహ్నం 2:30

శీనయ్యా, ముప్పై ఏళ్లు ఉద్యానశాఖలో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి చనువుగా రాస్తున్నాను. పేరు సంగతికి ముందు ఒక తారీఖు చూసుకో. పోయిన ఏడాది జూన్ 20న డబ్బుకు అమ్మానన్నావు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కింద కొత్త రకంగా నమోదు చేయించుకోవాలంటే, మన దేశంలో మొదటి అమ్మకం జరిగిన ఏడాదిలోపే దరఖాస్తు పడాలి. అంటే నీకు ఈ జూన్ 20 గడువు. రైతులకు పరీక్ష కోసం ఊరికే ఇచ్చినవి అమ్మకం లెక్కలోకి రావు. ఎవరికి, ఎప్పుడు, ఎన్ని ఇచ్చావో రాసిన కాగితం మాత్రం దగ్గర పెట్టుకో. చెట్లకు మొదట తొమ్మిదేళ్లు రక్షణ ఇస్తారు. తర్వాత పొడిగించుకుంటే మొత్తం పద్దెనిమిదేళ్ల దాకా వస్తుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, దరఖాస్తులోనే రకం పేరు రాయాలి. తర్వాత చూసుకుందాంలే అంటే కుదరదు.

భరత్ బాబూ, రకానికి పెట్టిన పేరును ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయరు, ఆ చట్టంలోనే ఆ మాట ఉంది. నర్సరీ పేరుకో, గుర్తుకో చేయించుకోవచ్చు. పెద్ద గులాబీ కంపెనీలు దీనికి ఒక దారి కనిపెట్టాయి. మనందరి ఇళ్లలో పూసే తెల్ల ఐస్‌బర్గ్ గులాబీ ఉందే, దాని అసలు రకం పేరు కోర్బిన్. కోర్డెస్ కంపెనీ పెంచింది కాబట్టి ముందు ‘కోర్’ తగిలించారు. నమోదుకు ఒక పేరు, అంగడికి ఒక పేరు. పీస్ గులాబీనే జర్మనీలో గ్లోరియా దేయి అన్నారు, ఇటలీలో జోయా అన్నారు. నువ్వు చెప్పినదాంట్లో అంతమటుకు నిజం ఉంది. కానీ హోస్కోటలో రెండెకరాల నర్సరీ రెండు పేర్లు మోయలేదు. ఒక్క పేరు జనం నోట్లో పడటానికే పదేళ్లు పడుతుంది.

ఇక బంగినపల్లి గ్రీన్. అది వద్దే వద్దు. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నీ చెట్టు బంగినపల్లి బిడ్డే కానీ బంగినపల్లి కాదు. రకం గుణం గురించి గానీ, అది ఏ రకమన్నదాని గురించి గానీ కొనేవాణ్ని పొరబాటు పడేలా చేసే పేరును ఒప్పుకోరు. ఊరి పేరు కలిసినా అభ్యంతరం చెప్పొచ్చు. న్యాయమైన వాడకం అనుకుంటే రిజిస్ట్రారు ఒప్పుకోవచ్చు కూడా, కానీ ఆ వాదనలోకి నువ్వెందుకు దిగడం?

మేడమీద_తోట · 6 ఏప్రిల్, సాయంత్రం 7:05

నాదీ ఇదే సమస్య! మేం మారతహళ్లిలో ఉంటాం. డ్రమ్ములో మల్లిక టెంక పెట్టాను, అయిదేళ్లయింది, ఈసారి పూత వచ్చింది. కాయలు కాస్తే పక్క ఫ్లాట్లవాళ్లకు మల్లిక అని చెప్పి ఇవ్వొచ్చా, లేక కొత్త పేరు పెట్టాలా? అందరూ పేరు అడుగుతున్నారు.

పద్మజ_తోటలు · 6 ఏప్రిల్, రాత్రి 8:20

అమ్మా, మల్లిక అనొద్దు. నీలం, దసేరీలను కలిపి ఢిల్లీలో తీసిన రకం మల్లిక. దాని టెంక నాటితే మళ్లీ ఏ పుప్పొడి పడిందో ఆ కలగలుపు వస్తుంది. మల్లిక అంటు కడితేనే మల్లిక. మీ డ్రమ్ములోది మీ చెట్టు, అంతే. కాసి, తిని, నచ్చితే అప్పుడు పేరు ఆలోచించండి.

శీనయ్యా, ఇది నీకూ పనికొస్తుంది. నువ్వు ఏ పేరు పెట్టినా ట్యాగు మీద ‘టెంక నాటితే ఈ రకం రాదు’ అని రాయి. లేకపోతే పదేళ్లలో నీ పేరు మీద పులుపు కాయలు తిరుగుతాయి.

మేడమీద_తోట · 6 ఏప్రిల్, రాత్రి 8:32

అయ్యో, నేను ఇప్పటికే ముగ్గురికి మల్లిక అని చెప్పేశాను. రేపే సరిచేస్తాను. థ్యాంక్స్ అండీ.

మాంబళం_వాసుకి · 7 ఏప్రిల్, ఉదయం 10:10

నేను చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగుదాన్ని. పచ్చపండు అనే పేరు విన్నప్పుడు మా పక్కింటివాళ్లకు ఏం తోస్తుందో చెబుతాను. తమిళంలో పచ్చై అంటే ఆకుపచ్చే కాదు, పచ్చిది అని కూడా. ‘పచ్చి పండు’ అమ్ముతున్నారనుకుంటారు. మీ పండుకు ఉన్న ఇబ్బందే అది కదా, పండలేదేమో అన్న అనుమానం. పేరే ఆ అనుమానాన్ని పెంచుతుంది.

బెంగళూరులో ఇంకో చిక్కు. మా అక్కావాళ్లు జయనగర్‌లో ఉంటారు. అక్కడ పచ్చబాళె అంటే అరటిపండు. ‘పచ్చ’ పక్కన ‘పండు’ పెడితే చెయ్యి అరటి గెల వైపే పోతుంది.

కనకాంబరం_ముత్యాలు · 7 ఏప్రిల్, మధ్యాహ్నం 12:45

మాది దొడ్డబళ్లాపురం, పూల మొక్కలు. మామిడి గురించి నాకు తెలీదు కానీ పేరు దెబ్బ తిన్నదాన్ని కాబట్టి రాస్తున్నా.

ఢిల్లీ కనకాంబరం అందరికీ తెలిసిందే. గింజ కట్టదు, కొమ్మలు నాటుకునే పెంచాలి. మా గేటు దగ్గరికొచ్చి ‘కనకాంబరం’ అనరు ఎవరూ, ‘ఢిల్లీ ఉందా’ అంటారు. నా దగ్గర ఒక మడిలో పసుపు ఛాయ ఎక్కువున్న మొక్క ఒకటి తేలింది. దాన్ని విడిగా పెంచి మా అమ్మాయి పేరు పెట్టాను, హరిణి అని. బోర్డు కూడా రాయించాను. మూడేళ్లు అమ్మాను. ఈ రోజుకీ ఒక్కరు కూడా ‘హరిణి’ అని అడగలేదు. ‘పసుపు ఢిల్లీ’ అంటారు. పూల కొట్టువాళ్లు, మాల కట్టేవాళ్లు, అందరూ అంతే. జనానికి ముందే తెలిసిన మాటకు మన మొక్కను తగిలించుకుని గుర్తుపెట్టుకుంటారు. మనం ఇచ్చిన పేరులో వాళ్లకు పట్టు దొరక్కపోతే వాళ్లే ఒకటి పెట్టేసుకుంటారు. అమ్మ పేరు పెట్టాలని మీకు ఎంత ఉంటుందో నాకు తెలుసు. కానీ రాజమ్మ అనే పేరులో మామిడి కనిపించదు అన్నా.

నర్సరీ_శీనయ్య · 7 ఏప్రిల్, రాత్రి 9:30

ముత్యాలు అక్కా, మీరు చెప్పింది నాకు బాగా తగిలింది.

పద్మజ మేడమ్, జూన్ 20 సంగతి నాకు అసలు తెలీదు. రేపే పాత బిల్లు పుస్తకం తీస్తాను. రైతులకు ఇచ్చినవి నోటుపుస్తకంలో రాసే ఉన్నాయి.

భరత్‌గారూ, గ్రీన్ గోల్డ్ విషయం. నా దగ్గర కొనేవాళ్లలో సగంమంది శ్రీనివాసపుర, చింతామణి రైతులు. వాళ్ల నోట్లో అది ఎలా పలుకుతుందో అని ఆలోచిస్తున్నా.

బ్రాండు_భరత్ · 7 ఏప్రిల్, రాత్రి 10:05

ట్రేడ్‌మార్క్ విషయంలో తప్పు చెప్పాను, పద్మజగారికి ధన్యవాదాలు. అయితే మా పనిలో ఒక పద్ధతి ఉంది, అది మీకు ఉపయోగపడుతుంది. పేరు బాగుందా అని ఎవరినీ అడగొద్దు. అడిగితే మర్యాదకు అన్నీ బాగున్నాయంటారు. పేరు ఒక్కసారి చెప్పి వదిలేయండి. వారం తర్వాత ఫోన్ చేసి, ‘ఆ రోజు మామిడి గురించి చెప్పాను, దాని పేరేంటో గుర్తుందా’ అని అడగండి. వాళ్లు ఏం పలికారో అక్షరం మార్చకుండా రాసుకోండి. తప్పు పలికినవే ఎక్కువ పనికొస్తాయి.

పద్మజ_తోటలు · 8 ఏప్రిల్, ఉదయం 7:00

ఇది మంచి సలహా. ఒక్కటి మాత్రం చూసుకో శీనయ్యా. ఒకే మనిషికి మూడు పేర్లు చెప్పకు, ఒక్కొక్కరికి ఒక్కటే చెప్పు. ఏ భాషవాళ్లో పక్కన రాసుకో.

శ్రీనివాసపుర_గంగన్న · 8 ఏప్రిల్, సాయంత్రం 6:15

శీనయ్యన్నా, నేనే. 2018లో నువ్విచ్చిన 13 అంట్లు మా తోటలో ఉండాయి కదా. పేరు గురించి నాకేం తెలీదు గానీ ఈ పచ్చదనంతో పోయిన ఏడాది నేను పడిన బాధ చెప్తా.

ఎనిమిది క్రేట్లు ఒక యాపారికిచ్చినా. ఆయన అందరి కాయల మాదిరే గ్యాస్ రూములో పెట్టినాడు. నాలుగు రోజులకు తీసి చూస్తే పచ్చగానే ఉండాయి. పండలేదనుకుని ఇంకా రెండు రోజులు పెట్టినాడు. అప్పటికి లోపల మెత్తబడి నీళ్లు కారతా ఉండాయి. రంగు మాత్రం అదే. పచ్చికాయలు ఇచ్చినావని నాకు డబ్బులియ్యలే. పేరుతో పాటు ఇది పండిందీ లేందీ చెప్పే ఉపాయం కూడా ఉండాల అన్నా.

మా కూలోళ్లకు మాత్రం ఏ తికమకా లేదు. తొడిమ చుట్టూ రూపాయి బిళ్లంత పసుపు బొట్టు వస్తాది. బొట్టు పడిందా చూసి కోస్తారు, బొట్టు లేంది ముట్టుకోరు. మా పిల్లోళ్లయితే దాన్ని బొట్టుకాయ అంటారు.

పద్మజ_తోటలు · 8 ఏప్రిల్, రాత్రి 7:40

గంగన్నా, ఒక్క మాట ఆగు. బొట్టుకాయ అని ఎన్నాళ్లుగా అంటున్నారు? ఎవరైనా నేర్పారా?

శ్రీనివాసపుర_గంగన్న · 8 ఏప్రిల్, రాత్రి 8:10

ఎవరు నేర్పుతారమ్మా. రెండో కాపు నుంచి, 2023లో అనుకుంటా. కాయ కోసే ముసలామె ఒకామె అన్నింది, ‘బొట్టు పెట్టుకున్నాకనే దించాల’ అని. అప్పటి నుంచి అందరూ అదే.

పద్మజ_తోటలు · 8 ఏప్రిల్, రాత్రి 8:55

శీనయ్యా, నీ పేరు అక్కడుంది. నువ్వు పండు ఎలా కనబడుతుందో దానికి పేరు వెతుకుతున్నావు. వాళ్లు ఎప్పుడు కోయాలో దానికి పేరు పెట్టేశారు. నీ పండుకు అంగట్లో జరిగే నష్టమంతా ‘ఇది పండిందా’ అన్న ఒక్క ప్రశ్నలోనే ఉంది. ఆ ప్రశ్నకు పేరే జవాబు చెబితే అంతకంటే ఏం కావాలి?

పండినా పచ్చగా ఉండేవి లోకంలో కొత్తేం కాదు. ఉత్తరాదిన లంగ్డా పచ్చగానే ఉంటుంది, అమెరికావాళ్ల కీట్ కూడా అంతే. లంగ్డా అంటే కుంటివాడని అర్థం, ఒక కుంటివాడి పెరట్లో పుట్టిందని కథ చెబుతారు. పేరులో పొగడ్త లేదు, రుచి లేదు, రంగు లేదు. అయినా వినగానే ‘ఎందుకు’ అని అడగబుద్ధేస్తుంది. అడిగినవాడు మర్చిపోడు. బొట్టు అంటే కూడా ‘ఎందుకు’ అని అడుగుతారు. కాయ తిప్పి తొడిమ చూపిస్తే చాలు.

మాంబళం_వాసుకి · 8 ఏప్రిల్, రాత్రి 9:20

తమిళంలో పొట్టు అంటారు, అర్థం అదే. పొట్టు మాంగా అంటే మా అత్తగారికి కూడా వెంటనే తెలుస్తుంది. కన్నడలో కూడా బొట్టు అనే కదా? మా అక్క ఒక మాట చెప్పింది: కన్నడలో బొట్టు మాడి తోరిసు అంటే వేలు పెట్టి చూపించడం అట. అదీ మంచికే కదా, చూపించి అమ్మేదే కాబట్టి.

ఒకటి గమనించారా, మరకతానికి కూడా మూడు భాషల్లో అర్థం ఉంది. కానీ అది పుస్తకాల్లో మాట, బొట్టు వంటింట్లో మాట.

నర్సరీ_శీనయ్య · 9 ఏప్రిల్, ఉదయం 6:10

రాత్రంతా ఇదే ఆలోచన. పదిహేడేళ్లుగా ఆ చెట్టు నా కళ్ల ముందుంది. ఆ పసుపు మచ్చ రోజూ చూస్తూనే ఉన్నాను కానీ ఎప్పుడూ దాన్ని బొట్టు అనుకోలేదు. గంగన్నా, ఆ అవ్వకు నా దండాలు చెప్పు.

పరీక్ష చేస్తాను. ఇప్పుడు పండు లేదు కాబట్టి ఫోటో చూపిస్తాను. పేరుకు ఎనిమిదిమంది చొప్పున పచ్చపండు, మరకతం, బొట్టు, ఈ మూడు పేర్లు. వారం తర్వాత ఫోన్ చేసి వచ్చి రాస్తాను.

కనకాంబరం_ముత్యాలు · 9 ఏప్రిల్, ఉదయం 11:00

నాకు ఒక అనుమానం అన్నా. బొట్టు పెట్టుకోని ఇళ్లవాళ్లు కూడా మన దగ్గర కొంటారు కదా. శివాజీనగర్ నుంచి నా దగ్గరికి మొక్కలకు వచ్చే బేగంగారు ఉన్నారు. వాళ్లకు ఎలా ఉంటుందో?

పద్మజ_తోటలు · 9 ఏప్రిల్, మధ్యాహ్నం 1:25

అడగాల్సిన ప్రశ్నే. ఏ మతంవాళ్ల మనసూ నొచ్చుకునే పేరు ఉండకూడదని చట్టంలోనే ఉంది. నాకు తోచింది చెబుతాను: బొట్టు అంటే చుక్క అని కూడా, నీటి బొట్టు అంటాం. దేవుడి పేరో, పూజ పేరో అయితే నేనూ వద్దంటాను. అయినా నా మాట మీద ఆగొద్దు. ముత్యాలూ, ఆ బేగంగారినే అడిగి చూడు.

నర్సరీ_శీనయ్య · 21 ఏప్రిల్, రాత్రి 9:50

మొత్తం 24 మందికి చెప్పాను, 22 మంది ఫోన్ ఎత్తారు. నోటుపుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా.

పచ్చపండు ఎనిమిదిమందికి చెప్పాను, అందరూ ఎత్తారు. తెలుగువాళ్లు నలుగురిలో ముగ్గురు సరిగ్గా చెప్పారు. కన్నడవాళ్లు ముగ్గురిలో ఇద్దరు ‘పచ్చబాళె’ అన్నారు, వాసుకిగారు చెప్పినట్టే. ఒకాయన ‘మీరు అరటి కూడా పెట్టారా’ అని అడిగాడు. తమిళాయన ఒక్కడు, ‘పచ్చడికి వేసే కాయ’ అన్నాడు.

మరకతం చెప్పినవాళ్లలో ఏడుగురు ఎత్తారు. సరిగ్గా చెప్పింది ఇద్దరే, ఒకరు తెలుగు టీచరు. ఇద్దరు ‘మర్కటం’ అన్నారు. అందులో ఒకరు ‘కోతి పేరు పెట్టారేమిటండీ’ అని బాధపడ్డారు. ఒకామె ‘మరక మామిడి’ అంది, సొన మరక పడుతుందని ఆ పేరు పెట్టాననుకుంది. మిగతా ఇద్దరికీ గుర్తులేదు. నాకు చాలా ఇష్టమైన పేరు ఇది. కానీ పలికేవాళ్ల నోట్లో వేరే మాట అయిపోతోంది.

బొట్టు చెప్పినవాళ్లలో కూడా ఏడుగురు ఎత్తారు. ఆరుగురు చెప్పారు. తమిళావిడ ‘పొట్టు’ అంది, అదీ సరైనదానికిందే లెక్కేశాను. ఒకరు మర్చిపోయారు కానీ ‘తొడిమ దగ్గర పసుపు చూసి కోయాలన్నారే, అది’ అన్నారు. పేరు పోయినా విషయం నిలబడింది.

బ్రాండు_భరత్ · 21 ఏప్రిల్, రాత్రి 10:30

ఇంత శ్రద్ధగా చేసేవాళ్లను మా ఆఫీసులో కూడా చూడలేదు. ఒక్క జాగ్రత్త చెప్పనా? బొట్టు చెప్పినప్పుడు ఫోటోలో బొట్టు చూపించారు, దాని కథ కూడా చెప్పి ఉంటారు. మిగతా రెండు పేర్లకు కథ చెప్పారా? చెప్పకపోతే పోటీ సమానం కాదు. ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాస్తారో కూడా తేల్చుకోండి. ఫోన్‌లో వెతికేవాళ్లు ఒక టీ పెడతారా, రెండు పెడతారా అన్నది ఇప్పుడే చూడాలి.

నర్సరీ_శీనయ్య · 22 ఏప్రిల్, ఉదయం 6:20

నిజమే భరత్‌గారూ. మరకతానికి ‘పచ్చ రాయి అని అర్థం’ అని మాత్రమే చెప్పాను. బొట్టుకు తొడిమ చూపించి రెండు నిమిషాలు మాట్లాడాను. కావాలని చేసింది కాదు, కానీ చేశాను. అయినా రేపు నర్సరీలో కూడా అలాగే జరుగుతుంది కదా, చెప్పడానికి ఏదైనా ఉన్న పేరు గురించే మాట్లాడతాం.

ఇంగ్లీషులో రెండు టీలు పెడదామనుకుంటున్నాను. ఒక్క టీ అయితే బోటు అని చదువుతున్నారు, మా అబ్బాయే అలా చదివాడు.

పద్మజ_తోటలు · 22 ఏప్రిల్, మధ్యాహ్నం 3:15

దరఖాస్తులో ఎలా రాస్తావో ఇకపై ట్యాగు మీద, బిల్లు మీద, బోర్డు మీద అదే ఉండాలి. ఒక్కోచోట ఒక్కో రకంగా రాస్తే నీ పేరును నువ్వే పాడుచేసుకున్నట్టు.

ఇప్పుడు అసలు భయం చెబుతాను. బొట్టు అని పేరు పెట్టాక, ప్రతి పండుకూ బొట్టు రావాలి. రాకపోతే అదీ కొనేవాణ్ని పొరబాటు పడేయడమే. బొట్టు లేని పండు ఇంటికెళితే పచ్చిదనుకుని మూల పెడతారు, గంగన్న కాయల మాదిరే లోపల కుళ్లుతుంది. నీ దగ్గర లెక్క ఉందా?

నర్సరీ_శీనయ్య · 22 ఏప్రిల్, రాత్రి 8:40

పోయిన జూలైలో తీసిన ఫోటోలు మళ్లీ ఒక్కొక్కటీ చూశాను మేడమ్. తల్లి చెట్టువి 60 పండ్లు ఒక గోనె మీద పరిచి తీసినవి ఉన్నాయి. 52 వాటికి బొట్టు స్పష్టంగా ఉంది. ఎనిమిదింటికి లేదు. ఆ ఎనిమిదీ కోసి తిన్నాం, బాగానే పండాయి. చెట్టు లోపలి కొమ్మలవి అని గుర్తు, కానీ ఫోటోలో ఆ సంగతి రాసుకోలేదు.

పద్మజ_తోటలు · 22 ఏప్రిల్, రాత్రి 9:35

ఎండ తగలని కాయలకు రాకపోవచ్చు. లేదా కొంచెం ముందు కోసి ఇంట్లో మాగబెట్టిన వాటికి రాకపోవచ్చు. రెండూ వేరు. మొదటిదైతే కొమ్మలు కత్తిరించి వెలుతురు పోయేలా చేస్తే తగ్గుతుంది, రెండోదైతే నీ పేరుకు అసలు తప్పే లేదు, కోసినవాడి తొందర అది. ఈ కాపులో తేల్చుకో. కోసిన కాయ నీళ్ల బకెట్‌లో వేసి చూడు. మునిగితే ముదిరినట్టు, తేలితే లేత. మునిగి కూడా బొట్టు లేనివి ఎన్నో, అవి ఏ కొమ్మవో రాయి.

చిక్కేమిటంటే నీ కాయ జూలైలో వస్తుంది, గడువు జూన్ 20. లెక్క తేలేలోపే పేరు రాయాలి. నేనైతే బొట్టు అనే రాస్తాను. కానీ సంతకం నీది.

కనకాంబరం_ముత్యాలు · 23 ఏప్రిల్, ఉదయం 10:20

బేగంగారిని అడిగాను అన్నా. ‘మామిడికి బొట్టుంటే నాకేం ఇబ్బంది, పండు తియ్యగా ఉంటే చాలు’ అన్నారు. వాళ్లాయన మాత్రం వేరే పేరుంటే బాగుండేది అన్నారట. ఒకే ఇంట్లో రెండు మాటలు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నా.

నర్సరీ_శీనయ్య · 23 ఏప్రిల్, రాత్రి 9:00

రెండు మాటలూ రాసుకున్నాను అక్కా. ఇంకో నలుగురిని అడిగాకే కాగితం మీద పెడతాను, మే నెలంతా ఉంది. అమ్మకు కూడా చెప్పాను, నీ పేరు పెట్టడం లేదని. ‘నా పేరు నీకు గుర్తుంటే చాలు’ అంది. ఆ తల్లి చెట్టు కింద చిన్న రాయి మీద మాత్రం రాజమ్మ అని చెక్కిస్తాను. అది అమ్మేది కాదు కదా, చట్టం ఏమీ అనదు.

గంగన్నా, నీ 13 చెట్లలో కూడా ఈసారి లెక్క కావాలి.

శ్రీనివాసపుర_గంగన్న · 24 ఏప్రిల్, ఉదయం 5:50

చెట్టుకు పది కాయలు నీడవైపువి, పది ఎండవైపువి. నీడవాటికి ఎర్ర రిబ్బను, ఎండవాటికి తెల్లది కట్టిస్తా అన్నా. ఆ అవ్వనే నిలబెట్టి లెక్క రాయిస్తా. ఆమెకు చదువు రాదు, గీతలు గీస్తాది, నేను కూడతా. ఈసారి యాపారికి మాత్రం బొట్టు చూపించి, చేతిలో ఒక పండు కోసి పెట్టినాకనే క్రేటు దించుతా.